అలిపిరి మెట్ల పక్కన ఒక పైపు



తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్ళు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి నేను. సాయంత్రం పూట అలిపిరి దాకా నడిచి, పాదాల మండపం దగ్గర కాసేపు కూర్చుని రావడం అలవాటు. పరీక్షల రోజుల్లో అక్కడ కూడా ఎవరో ఒక పాత శిష్యుడి తమ్ముడో, పక్కింటి అమ్మాయో నోట్సు పట్టుకుని కనబడతారు. అడిగే ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి ఒక్కటే. "సార్, ఫార్ములాలన్నీ వచ్చు. లెక్క చూస్తే ఏది వెయ్యాలో తెలియదు."

ఇందులో వాళ్ళ తప్పు కంటే మా తప్పే ఎక్కువ. మేము నోట్సు చెప్పేది చాప్టర్ల వరసలో. బెర్నూలీ చాప్టరు చివర ఉన్న లెక్కలన్నీ బెర్నూలీవే. పైపుల చాప్టరు చివర ఉన్నవన్నీ రాపిడివే. ఏ ఫార్ములా వెయ్యాలో ఆలోచించే అవసరమే రాదు, పేజీ పైన హెడ్డింగే చెప్పేస్తుంది. పరీక్ష పేపరు మీద ఆ హెడ్డింగు ఉండదు. అందుకని నా దగ్గరికి వచ్చినవాళ్ళకు నేను చెప్పే మొదటి పని, నోట్సులో ఉన్న లెక్కలన్నీ చించి, హెడ్డింగులు పారేసి, మళ్ళీ పోగులు పెట్టమని. ఎలా పోగు పెట్టాలో ఇప్పుడు ఒకే ఒక్క పైపుతో చెబుతాను. వీలైతే పెన్నూ కాగితమూ దగ్గర పెట్టుకోండి.

అలిపిరి నుంచి తిరుమలకు మెట్లు 3,550 అని మనందరికీ తెలుసు. ఆ మెట్ల పక్కనే కింది నుంచి పైదాకా ఒక ఇనుప పైపు ఉందనుకుందాం. నిజంగా ఉన్న పైపు గురించి కాదు నేను చెప్పేది, లెక్క కోసం వేసుకున్న పైపు. ఎత్తు తేడా 700 మీటర్లు, పొడవు 9 కిలోమీటర్లు, లోపలి వ్యాసం 300 మిల్లీమీటర్లు. 700 అనే అంకె నమ్మదగిందేనా అని చూడాలంటే 3,550తో భాగించండి. మెట్టుకు 20 సెంటీమీటర్లు వస్తుంది. ఎక్కి మోకాళ్ళు నొప్పి పెట్టినవాళ్ళెవరైనా సరేనంటారు. మధ్యలో చదును దారి ఉంది, ఆ మాట నిజమే, అయినా అంకె మరీ దారి తప్పలేదు.

మొదటి ప్రశ్న. పైపు నిండా నీళ్ళున్నాయి, కింద వాల్వు మూసి ఉంది. వాల్వు దగ్గర పీడనం ఎంత?

చాలామంది పిల్లలు ఇక్కడే బెర్నూలీ రాయడం మొదలుపెడతారు. పొడవు ఇచ్చారు, వ్యాసం ఇచ్చారు, వాటిని ఏం చెయ్యాలో తెలియక రాపిడి కూడా కలుపుతారు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. నీళ్ళు కదులుతున్నాయా? కదలడం లేదు. కదలని నీటికి వేగం లేదు, వేగం లేనిచోట రాపిడి లేదు. మిగిలేది రో జి హెచ్. సాంద్రత, గురుత్వం, లోతు. పైపు లావైనా సన్నమైనా, నిట్టనిలువుగా దిగినా మెట్ల వెంట వంకర్లు తిరుగుతూ దిగినా ఒక్కటే. ప్రశ్నలో ఇచ్చిన ప్రతి అంకెనూ వాడాలనే నియమం ఎక్కడా లేదు.

వెయ్యి ఇంటూ 9.81 ఇంటూ 700. సుమారు 68 లక్షల 67 వేలు. ఏమిటవి? ఇక్కడ ఆగి యూనిట్లు రాయండి. ఘనమీటరుకు కిలోగ్రాములు, దాన్ని సెకను స్క్వేరుకు మీటర్లతో గుణించి, మళ్ళీ మీటర్లతో గుణిస్తే, పైన ఒక కిలోగ్రాము, కింద ఒక మీటరూ సెకను స్క్వేరూ మిగులుతాయి. న్యూటన్‌ను చదరపు మీటరుతో భాగించినా అవే మిగులుతాయి. అంటే పాస్కల్. కుదిరింది.

ఇదే సంగతి మన రైతుల భాషలో చెబితే ఇంకా బాగుంటుంది. డ్రిప్పు వేసుకున్న రైతుకు గేజీ మీద "కేజీ ప్రెషర్" అంటే తెలుసు. చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. పది మీటర్ల నీటి ఎత్తుకు ఒక కేజీ. మన మెట్టు 20 సెంటీమీటర్లు కాబట్టి, 50 మెట్లు దిగితే గేజీ ముల్లు ఒక కేజీ జరుగుతుంది. 3,550 మెట్లకు 71 కేజీలు. పాస్కల్ లెక్కలో వచ్చిన జవాబును కేజీల్లోకి మారిస్తే 70. ఆ ఒక్క కేజీ తేడా మెట్టు ఎత్తును నేను సుమారుగా చెప్పడం వల్ల వచ్చింది. రెండు దారుల్లో పోయి ఒకే ఊరు చేరితే ఆ జవాబు మీద నమ్మకం కుదురుతుంది.

70 కేజీలంటే, 300 మిల్లీమీటర్ల వాల్వు పలక మీద పడే తోపుడు దాదాపు 50 టన్నులు. ఎత్తయిన చోటికి నీళ్ళు ఎక్కించేటప్పుడు మధ్యలో సంపులు కట్టి దఫాలుగా ఎక్కించడానికి ఇదొక కారణం. దఫాలుగా విడగొడితే పైపు గోడకూ, వాల్వుకూ అంత భారం పడదు.

రెండో ప్రశ్న. వాల్వు పూర్తిగా తెరిచేశాం. పైన చెరువు నీరు తరగనంత ఉంది. కింద నీళ్ళు ఎంత వేగంతో బయటికి వస్తాయి?

నోట్సులో టొరిచెల్లీ సూత్రం ఉంది. వేగం ఈక్వల్టు రూట్ ఆఫ్ టూ జి హెచ్. 700 వేస్తే సెకనుకు 117 మీటర్లు వస్తుంది. యూనిట్లు చూడండి. సెకను స్క్వేరుకు మీటర్లు ఇంటూ మీటర్లు, దానికి వర్గమూలం, సెకనుకు మీటర్లు. యూనిట్లు నూటికి నూరు పాళ్ళూ సరిపోయాయి. జవాబు మాత్రం పనికిరాదు. గంటకు 420 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పైపులోంచి నీళ్ళు రావడం మీరెక్కడైనా చూశారా?

యూనిట్లు సరిపోవడం అంటే బస్సు టిక్కెట్టు ఉన్నట్టు. టిక్కెట్టు లేకపోతే దింపేస్తారు, కానీ టిక్కెట్టు ఉన్నంత మాత్రాన మీరెక్కింది మీ ఊరి బస్సేనని కాదు. టొరిచెల్లీ సూత్రం ట్యాంకు గోడకు ఉన్న చిల్లిది. అక్కడ నీరు గోడను రాసుకుంటూ పోయే దూరం దాదాపు లేదు. ఇక్కడ 9 కిలోమీటర్లు రాసుకుంటూ వస్తోంది. కాబట్టి అడగవలసిన రెండో ప్రశ్న, పొడవును వ్యాసంతో భాగిస్తే ఎంత? 9,000 బై 0.3. ముప్ఫై వేలు. ఈ అంకె నాలుగైదు ఉంటే రాపిడిని వదిలేయవచ్చు. వేలల్లో ఉంటే రాపిడే అసలు కథ.

అందుకని డార్సీ–వైస్‌బాక్ సూత్రం. ఇందులో డార్సీ ఫ్రెంచి ఇంజనీరు, డిజాన్ పట్టణానికి మంచినీళ్ళు తెచ్చినవాడు. రాపిడి వల్ల పోయే హెడ్డు ఎంతంటే, ఎఫ్ అనే గుణకం ఇంటూ పొడవు బై వ్యాసం ఇంటూ వి స్క్వేర్ బై టూ జి. ఎఫ్ 0.02 అనుకుందాం. 0.02 ఇంటూ ముప్ఫై వేలు, 600. బయటికి వచ్చే నీటి వేగానికి ఇంకో ఒకటి కలపాలి. 601 ఇంటూ వి స్క్వేర్ బై టూ జి ఈక్వల్టు 700. వేగం సెకనుకు 4.8 మీటర్లు. 117 ఎక్కడ, 4.8 ఎక్కడ! 700 మీటర్ల ఎత్తులో నీటికి వేగంగా మిగిలింది ఒక మీటరు చిల్లర. మిగతాదంతా పైపు గోడలు తినేశాయి.

అయితే పోగులు ఇలా తేలాయి. నీళ్ళు కదలకపోతే ఒక పోగు. కదులుతూ, దారి పొట్టిగా ఉంటే బెర్నూలీ, టొరిచెల్లీ, వెంచురీమీటరు, ఇవన్నీ ఒక పోగు. దారి పొడుగైతే రాపిడి పోగు. కదిలే నీటి గురించి ప్రశ్నలో "బలం ఎంత" అని అడిగితే, వంపు మీద, పలక మీద, జెట్టు తగిలిన చోట, అది మొమెంటం పోగు. దాని గురించి ఇవాళ చెప్పే టైము లేదు. ఒకే పైపు, ఒక్క వాక్యం మారితే ఒక పోగులోంచి ఇంకో పోగులోకి దూకుతుంది. మీ నోట్సులోని ఒక లెక్క తీసుకుని, దాంట్లో ఒక్క వాక్యం మార్చి పక్క పోగులోకి పంపి చూడండి. పది లెక్కలు చేసిన దానికంటే అది ఎక్కువ నేర్పుతుంది.

ఇక ఒక చిన్న ఆన్సర్ షీటు సంగతి. ఇదే పైపులో సెకనుకు 100 లీటర్లు పంపితే వేగం ఎంతని అడిగాను ఒకసారి. ఒక కుర్రాడు వైశాల్యం సరిగ్గానే కట్టాడు, 70,686 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని మీటర్లలోకి మార్చడానికి వెయ్యితో భాగించాడు. మిల్లీమీటరుకూ మీటరుకూ మధ్య వెయ్యి కదా! చదరపు మిల్లీమీటరుకు పది లక్షలు అని అతనికి తట్టలేదు. 0.1 ఘనమీటరును 70.7తో భాగించి, వేగం సెకనుకు 0.0014 మీటర్లు అని కింద రెండు గీతలు గీశాడు. అంటే సెకనుకు మిల్లీమీటరున్నర కూడా లేదు. చీమ దాటిపోతుంది. నేను ఎర్ర ఇంకుతో పక్కన ఒక చీమ బొమ్మ వేసి ఇచ్చాను. అసలు జవాబు సెకనుకు 1.4 మీటర్లు, మనం మామూలుగా నడిచే నడక. పంపు పైపుల్లో నీళ్ళు సాధారణంగా నడక వేగంలోనే పోతాయి. చీమా కాదు, రైలూ కాదు. ఈ ఒక్క పోలిక గుర్తుంటే చాలా తప్పులు అక్కడికక్కడే దొరికిపోతాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. రెండు పుస్తకాలు ముందు పెట్టుకుని నోట్సు తయారు చేశాను. రాపిడి సూత్రం ఒక పుస్తకంలోంచి తీశాను. అందులో ఎఫ్ ముందు 4 ఉంది. ఫోర్ ఎఫ్ ఎల్ వి స్క్వేర్ బై టూ జి డి. మన ఇంజనీరింగ్ పుస్తకాల్లో చాలావాటిలో ఇలాగే ఉంటుంది. ఎఫ్ విలువ మాత్రం రెండో పుస్తకంలోంచి తీశాను. అందులో సూత్రం ముందు 4 లేదు. ఆ 4ను ఎఫ్ తనలోనే కలుపుకుని ఉంది. ఈ రెండు ఎఫ్‌లూ వేరు. 4తో రాసేది ఫ్యానింగ్ ఎఫ్, 4 లేకుండా రాసేది డార్సీ ఎఫ్. డార్సీది ఫ్యానింగ్ దానికి సరిగ్గా నాలుగింతలు. నేను పెద్ద ఎఫ్‌ను తెచ్చి 4 ఉన్న సూత్రంలో పెట్టాను. క్లాసంతా రాసుకున్నారు.

మన పైపులో ఈ తప్పు ఎంత చేస్తుందో చూడండి. సెకనుకు 100 లీటర్లు పైకి ఎక్కిస్తున్నాం. రాపిడి హెడ్డు నిజంగా 61 మీటర్లు. నా బోర్డు లెక్కలో 245 మీటర్లు. పంపు ఎత్తవలసిన మొత్తం 761 బదులు 945 అయింది. తలకిందులుగా చేస్తే, అంటే చిన్న ఎఫ్‌ను తెచ్చి 4 లేని సూత్రంలో వేస్తే, 15 మీటర్లే వస్తుంది. అప్పుడు కొన్న పంపుతో అనుకున్నన్ని నీళ్ళు ఎక్కవు.

ఈ తప్పును యూనిట్లు పట్టుకోలేవు. ఎఫ్‌కు యూనిట్ లేదు, 4కూ లేదు. వ్యాసం బదులు వ్యాసార్ధం వేసినా అంతే, రెండూ మీటర్లే. డైమెన్షనల్ అనాలిసిస్ చేతికి అందనివి ఇలాంటివే. మరి ఎలా పట్టుకోవాలి? మా క్లాసులో ఒక అమ్మాయి పట్టుకుంది, దారి కూడా తనే చూపించింది. "సార్, ఈ పుస్తకంలో ల్యామినార్ ఫ్లోకు ఎఫ్ ఈక్వల్టు 16 బై రెనాల్డ్స్ నంబర్ అనుంది, ఆ పుస్తకంలో 64 బై రెనాల్డ్స్ నంబర్ అనుంది. ఏది కరెక్టు?" రెండూ కరెక్టే. 16 అన్న పుస్తకం ఎఫ్ ముందు 4 పెడుతుంది, 64 అన్న పుస్తకం పెట్టదు. ఆనాటి నుంచి నేను ఏ పుస్తకం తెరిచినా, ఏ చార్టు చూసినా ముందు ల్యామినార్ గీత దగ్గరికి పోతాను. 16నా, 64నా? ఆ ఒక్క అంకె చూస్తే ఆ పుస్తకంలోని ఎఫ్ ఏ ఇంటిదో తెలిసిపోతుంది.

ఆ 64 బై రెనాల్డ్స్‌ను ఎక్కడ పడితే అక్కడ వెయ్యకూడదు. మన పైపులో రెనాల్డ్స్ నంబరు నాలుగు లక్షల పైమాట. నీరు సుడులు తిరుగుతూ పోతోంది. ల్యామినార్ రెండు వేల దగ్గరే అయిపోతుంది. అయినా వేస్తే 9 కిలోమీటర్లకు రాపిడి అర మీటరు కూడా రాదు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం పొడుగైతే ధార ఎంత తగ్గిపోతుందో చూసినవాళ్ళు ఆ జవాబును నమ్మరు.

ఇప్పుడు కొండ దిగి చంద్రగిరి వైపు పోదాం. అక్కడ మా మామకు మామిడి తోట ఉంది. బోరు వేయించాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో బోరులో నీళ్ళు పడ్డాయంటే లీటర్లలో చెప్పరు. "రెండించులు పడింది", "నాలుగించులు పడింది" అంటారు. మామ ఫోను చేసి అడిగాడు. "ఏమల్లుడూ, పక్క చేనోడికి రెండించులు పడింది. నాకు నాలుగించులు. వానికంటే నాకు రెండింతలే గదా?"

ఆ ఇంచు ఎక్కడిదో ముందు చూడాలి. రిగ్గు వాళ్ళు ఒక రేకుకు వి ఆకారంలో, 90 డిగ్రీల కోణంతో గాడి కోస్తారు. బోరులోంచి కంప్రెసర్ ఎగదోసిన నీళ్ళను దాని వెనక నిలబెట్టి, గాడిలోంచి పోనిస్తారు. గాడి మొనకు పైన నీళ్ళు ఎన్ని ఇంచుల ఎత్తున ఉన్నాయో, అదే ఆ బోరు ఇంచులు. నోట్సులో దీని పేరు ట్రయాంగ్యులర్ నాచ్. ఈ సూత్రాన్ని పందొమ్మిదో శతాబ్దంలో తేల్చినవాడు జేమ్స్ థామ్సన్, లార్డ్ కెల్విన్‌కు స్వయానా అన్న.

సూత్రం మరిచిపోయారనుకోండి. ఏం భయం లేదు, యూనిట్లతోనే ముప్పావు వంతు తిరిగి రాబట్టుకోవచ్చు. మనకు కావలసింది సెకనుకు ఎన్ని ఘనమీటర్లు. గాడిలోంచి నీళ్ళు పోవడానికి కారణం గురుత్వం, అంటే జి. ఎంత పోతాయనేది ఎత్తు మీద ఆధారపడుతుంది, అంటే హెచ్. సాంద్రత రావాలా? దాంట్లో కిలోగ్రాము ఉంది. జవాబులో కిలోగ్రాము లేదు, దాన్ని కొట్టేయడానికి జి లోనూ లేదు, హెచ్ లోనూ లేదు. కాబట్టి సాంద్రత రాదు. ఇక సెకన్ల సంగతి. జవాబులో కింద ఒక్క సెకను ఉంది. జి కింద సెకను స్క్వేరు ఉంది. ఒక్క సెకను కావాలంటే జికి వర్గమూలం తియ్యాలి. దాంతో పాటు మీటరు వర్గమూలం, అంటే మీటరుకు అర పవరు, మన చేతికి వచ్చేసింది. మొత్తం కావలసింది మీటరుకు మూడు పవరు. అర వచ్చింది, మిగిలిన రెండున్నర హెచ్ ఇవ్వాలి. అంటే హెచ్ పవర్ 5 బై 2. అయిపోయింది. పుస్తకం తెరవకుండా సూత్రం నడుము దాకా వచ్చేసింది. ముందుండే 8 బై 15, డిశ్చార్జి కోఎఫిషెంటు, కోణం, ఇవి మాత్రం యూనిట్లు చెప్పవు. వాటికి ఇంటిగ్రేషనూ, ప్రయోగశాలా కావాలి.

మామకు జవాబు ఆ 5 బై 2 లోనే ఉంది. ఎత్తు రెట్టింపైతే నీళ్ళు రెట్టింపు కావు. 2 పవర్ 5 బై 2, అంటే 5.66 రెట్లు. "నీకు వానికంటే అయిదున్నర రెట్లు పైనే పడ్డాయి మామా" అన్నాను. ఫోనులో కాసేపు మాట లేదు. తర్వాత, "ఈ మాట వాని దగ్గర అనొద్దు" అన్నాడు.

అంకెల్లో చూద్దాం. 90 డిగ్రీల గాడికి, కోఎఫిషెంటు 0.6 తీసుకుంటే, ప్రవాహం 1.417 ఇంటూ హెచ్ పవర్ 5 బై 2. హెచ్ మీటర్లలో ఉండాలి. రెండించులంటే 0.0508 మీటర్లు. సెకనుకు 0.82 లీటరు వస్తుంది. నాలుగించులకు 4.66 లీటర్లు. ఇంచుల్ని మార్చకుండా నేరుగా 4 వేసినవాళ్ళున్నారు. అప్పుడు వచ్చేది సెకనుకు 45 ఘనమీటర్లు. అంటే 1,600 క్యూసెక్కులు. ఒక పెద్ద కాలువ పారుదల మామిడి తోటలో ఒక బోరులోంచి!

ఎందుకు వచ్చింది ఆ తప్పు? 1.417 చూడ్డానికి మామూలు అంకెలా ఉంటుంది. కానీ దాంట్లో రూట్ టూ జి దాక్కుని ఉంది. కాబట్టి దానికి యూనిట్ ఉంది, మీటరు వర్గమూలం బై సెకను. ఒక అంకె ముందు ఎదురైనప్పుడు, ఇది ఉత్త అంకెనా, యూనిట్ మింగిన అంకెనా అని అడగాలి. 8 బై 15 ఉత్త అంకె. ఏ యూనిట్లలోనైనా మారదు. 1.417 మీటర్లలో మాత్రమే 1.417.

ఇలాంటిదే ఇంకొకటి 75. మామ తర్వాతి ప్రశ్న, "ఎన్ని హెచ్‌పీ మోటారు కావాల?" పాత నోట్సుల్లో హార్స్‌పవర్‌కు డబ్ల్యు క్యూ హెచ్ బై 75 అని ఉంటుంది. మొత్తం హెడ్డు 100 మీటర్లు అనుకుందాం. సెకనుకు 4.66 లీటర్లు అంటే 4.66 కిలోల బరువు. దాన్ని 100 మీటర్లతో గుణించి 75తో భాగిస్తే 6.2 హెచ్‌పీ. ఇది నీళ్ళకు అందవలసింది. పంపూ మోటారూ కలిసి సగమే అందిస్తాయనుకుంటే 12.5 హెచ్‌పీ మోటారు. ఇదే లెక్కను ఈ కాలపు పిల్లలు చేస్తే, డబ్ల్యు అంటే 9,810 న్యూటన్లు అని వేసి, కింద అదే 75తో భాగిస్తారు. 61 హెచ్‌పీ వస్తుంది. పదింతలు. ఆ 75 ఉత్త అంకె కాదు, సెకనుకు 75 కిలో బరువును ఒక మీటరు ఎత్తే పని. కిలో బరువుతోనే దాని పొత్తు, న్యూటన్లతో కాదు. నా సలహా, 75ను మరిచిపొండి. రో జి క్యూ హెచ్ కట్టండి, 4,570 వాట్లు వస్తాయి. హెచ్‌పీ కావాలంటే చివర 735.5తో భాగించండి. ఎప్పుడైనా మీ జవాబు సరైన దానికి దాదాపు పదింతలో, పదో వంతో వచ్చిందంటే, ఎక్కడో జి ఒకటి ఎక్కువైందనో తగ్గిందనో అనుమానించండి.

గాడి సూత్రానికి కూడా హద్దులున్నాయి. ఎత్తు మరీ తక్కువైతే, ఒకటి రెండు ఇంచుల దగ్గర, నీళ్ళు రేకును అంటుకుని కిందికి జారతాయి. అక్కడ తలతన్యత కూడా లెక్కలోకి వస్తుంది, జి, హెచ్ మాత్రమే చాలవు. అందుకని ఇంచు బోరు లెక్కను నేను పెద్దగా నమ్మను. రెండోది, ఎత్తు కొలిచే చోటు. గాడి దగ్గరికి వచ్చేసరికి నీటి మట్టం కిందికి వంగిపోతుంది. కొలవవలసింది రేకు దగ్గర కాదు, నీటి ఎత్తుకు నాలుగింతల దూరం వెనక, మట్టం ఇంకా చదునుగా ఉన్న చోట. 5 బై 2 పవరు ఉంది కాబట్టి, ఎత్తులో పదో వంతు తగ్గితే నీళ్ళలో దాదాపు పావు వంతు తగ్గిపోతుంది.

మోటారు దించిన తర్వాత ఒక ఆదివారం మామ తోటకు పోయాను. పాత రేకు డబ్బా కత్తిరించి 90 డిగ్రీల గాడి చేసి, తొట్టి నుంచి పారే కాలువకు అడ్డంగా మట్టితో పూడ్చి నిలబెట్టాం. స్కేలు రేకు దగ్గర పెడితే 8 సెంటీమీటర్లు చూపించింది. మూర దూరం వెనక్కి జరిపి పెడితే 9. ఎనిమిది ప్రకారం సెకనుకు 2.56 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి 78 సెకన్లు పట్టాలి. తొమ్మిది ప్రకారం 3.44 లీటర్లు, 58 సెకన్లు. మామ డ్రమ్ము దొర్లించుకొచ్చి పైపు కింద పెట్టాడు. నేను గడియారం చూస్తున్నాను. అరవై దగ్గర నీళ్ళు అంచు దాటి మామ కాళ్ళ మీద పడ్డాయి.

"అరవై అంటే ఎన్ని ఇంచులప్పా?" అన్నాడు మామ.

మూడున్నర అన్నాను.

"నాలుగని ఊరంతా చెప్పేసినానే" అని, మోటారు ఆపడానికి స్టార్టరు పెట్టె వైపు నడిచాడు.